చరణం సూపర్, పల్లవి డల్: ఏఐ పాటలో ఏ ముక్క ఉంచాలి, ఏది తీసేయాలి?

మా అక్క పెళ్ళి వీడియో కోసం ఏఐతో ఒక పాట చేశాను. సాహిత్యం నాదే, ట్యూన్, గొంతు, వాయిద్యాలు టూల్ ఇచ్చినవి. వీడియో ఎడిటర్ శుక్రవారం రాత్రికల్లా ఫైల్ కావాలన్నాడు. సోమవారం రాత్రికే నా దగ్గర ఒక వెర్షన్ ఉంది. అందులో చరణం వింటే నాకే ఒళ్ళు జలదరించింది. స్కూటర్ వెనక సీట్లో కూర్చుని నాన్న చొక్కా పట్టుకున్న చిన్న చేయి గురించి ఒక లైన్ రాశాను. ఆ "నాన్న" దగ్గర గొంతు చిన్నగా జారి కిందకి దిగుతుంది. అలా పాడమని నేను ఎక్కడా రాయలేదు, దానంతటదే వచ్చింది. కానీ తర్వాత వచ్చే పల్లవి మాత్రం బ్యాంకు ప్రకటనలా ఉంది. పాట అక్కడికి రాగానే చేయి ఫోన్ వైపు వెళ్ళిపోతుంది.

సునో, యూడియో లాంటి టూల్స్ వాడేవాళ్ళు చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మన సినిమా పాటల్లో పల్లవి ముందు వస్తుంది కానీ, ఈ టూల్స్ మామూలుగా ఇంగ్లీష్ పాటల లెక్కలో మొదట చరణం, తర్వాత పల్లవి అల్లుతాయి. ఈ ఆర్టికల్‌లో చరణం అంటే వర్స్, పల్లవి అంటే కోరస్ అనుకోండి.

ముందుగా నేను చేసిన పొరపాటు చెప్తాను. అదే సాహిత్యంతో Create బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కాను. ప్రతిసారీ పాట మొత్తం కొత్తగా పుడుతుంది. పల్లవి కాస్త మెరుగైతే చరణం పోయేది. ఆ "నాన్న" జారుడు ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. రెండు రోజుల క్రెడిట్స్ అలా పోయాయి. నచ్చిన ముక్క దొరికాక మొత్తం పాటని మళ్ళీ జనరేట్ చేస్తే, దాన్ని లాటరీలో పెట్టినట్టే. ఆ ముక్కని కదలకుండా పట్టుకుని మిగతాదే మార్చాలి.

పల్లవి ఎందుకు డల్‌గా ఉంది?

పల్లవి బాలేదు అనేది బగ్ రిపోర్ట్‌లో "యాప్ పని చేయట్లేదు" అని రాసినట్టు ఉంటుంది. ఏది బాలేదు? మాటలా, ట్యూనా, వాయిద్యాలా? తెలుసుకోవాలంటే గొంతునీ మ్యూజిక్‌నీ విడదీసి వినాలి. సునోలో స్టెమ్స్ తీసుకునే ఆప్షన్ ఉంది. అది మీ ప్లాన్‌లో లేకపోతే డెమ్యూక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో ఇదే పని చేస్తుంది.

```
pip install demucs
demucs --two-stems=vocals pata_v1.wav
```

`separated` అనే ఫోల్డర్‌లో `vocals.wav`, `no_vocals.wav` అని రెండు ఫైల్స్ వస్తాయి. నేను మొదట గొంతు ఒక్కటే విన్నాను. సమస్య వెంటనే దొరికింది, ఒకటి కాదు, రెండు.

మొదటిది పూర్తిగా నా తప్పు. పల్లవిలో "నీ కల నిజమాయెనే" అని రాశాను. ట్యూన్‌లో పొడుగు స్వరం సరిగ్గా "కల" మీద పడింది. "క" హ్రస్వం కదా, దాన్ని సాగదీస్తే "కా" అవుతుంది. పాటలో "నీ కాలా నిజమాయెనే" అని వినిపిస్తోంది. పెళ్ళి వీడియోలో అక్క కాలు నిజమైందని పాడితే మా కజిన్స్ ఏం చేస్తారో మీరే ఊహించుకోండి. తెలుగులో హ్రస్వం, దీర్ఘం మారితే అర్థమే మారిపోతుంది. ఇంగ్లీష్‌లో ఒక మాటని ఎంత సాగదీసినా అదే మాటగా ఉంటుంది కాబట్టి అక్కడి ట్యుటోరియల్స్‌లో ఈ విషయం కనపడదు. పల్లవిలో స్వరాలు సాగేది ఎక్కువగా లైన్ చివర. అందుకే అక్కడ దీర్ఘం ఉన్న మాట పెడితే టూల్ ఎలా పాడినా మాట చెడదు.

రెండో సమస్య పట్టుకోడానికి టైమ్ పట్టింది. ఫోన్‌లో పియానో యాప్ తెరిచి, గొంతు ఎంత పైకి వెళ్తోందో నోట్ చేసుకున్నాను. సంగీతం రాకపోయినా ఇది చేయొచ్చు, గొంతుతో కలిసే మీట దొరికేదాకా నొక్కుతూ పోవడమే. చరణం మొదట్లో పై స్వరం డి. చరణం చివరి రెండు లైన్లలో అది జి దాకా ఎక్కింది, డ్రమ్స్ కూడా అక్కడే పూర్తిగా అందుకున్నాయి. తర్వాత వచ్చిన పల్లవిలో పై స్వరం ఎంతో తెలుసా? అదే జి. అవే డ్రమ్స్. అంటే మెట్లు ఎక్కడం చరణంలోనే అయిపోయింది, పల్లవికి ఎక్కడానికి మెట్టే మిగల్లేదు.

పల్లవి డల్‌గా ఉండటానికి సగం కారణం చరణమే. నేను ఎంతో మురిసిపోయిన చరణంలోని చివరి రెండు లైన్లే. వాటిని అలాగే ఉంచి పల్లవిని వంద సార్లు మార్చినా ఫలితం దాదాపు ఇదే ఉండేది. ఆ లైన్లు విడిగా వింటే బాగుంటాయి. ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి. కానీ పాటలోంచి తీసేయాల్సి వచ్చింది.

మీ పాటలో కారణం వేరే ఉండొచ్చు. ఒక చిన్న పరీక్ష చెప్తాను. చరణం చివరి లైన్లు దాటేసి, మధ్యలోంచి నేరుగా పల్లవికి దూకి వినండి. అప్పుడు పల్లవి బాగుందనిపిస్తే తప్పు చరణం చివర ఉన్నట్టు. అప్పుడు కూడా చప్పగానే ఉంటే తప్పు పల్లవిలోనే ఉంది. నా కేసులో దూకి విన్నప్పుడు పల్లవి కొంచెం లేచింది, కానీ "కాలా" మాత్రం అలాగే ఉంది. అందుకే రెండు చోట్లా చేయి పెట్టాను.

ఎక్కడ కోయాలి

ఇక్కడ కాస్త లెక్క ఉంది, భయపడకండి. పాట వేగం నిమిషానికి 96 బీట్స్. నాలుగు బీట్స్ కలిపితే ఒక బార్.

```
ఒక బార్ = 4 × 60 / 96 = 2.5 సెకన్లు
```

ఇంట్రో 4 బార్లు, అంటే 10 సెకన్లు. చరణం 8 లైన్లు, లైన్‌కి 2 బార్లు, మొత్తం 40 సెకన్లు. కాబట్టి పల్లవి 50వ సెకను దగ్గర మొదలవుతుంది. చరణం ఎక్కడం మొదలుపెట్టేది ఏడో లైన్లో, అంటే 40వ సెకను దగ్గర. స్కూటర్ లైన్ ఆరోది, 35 నుంచి 40 మధ్యలో ఉంది. అది బతికింది! అందుకే 40 దగ్గర కోయాలని డిసైడ్ అయ్యాను.

లెక్క 40 అని చెప్పినా ఫైల్‌లో అది సరిగ్గా 40 మీదే ఉండదు. ఈ పాటలు మొదట్లో కొంచెం నిశ్శబ్దంతో మొదలవుతాయి, మధ్యలో వేగం కూడా కాస్త అటూఇటూ అవుతుంది. అందుకని ఫైల్‌ని ఆడాసిటీలో తెరిచి, డ్రమ్ దెబ్బ పడే చోట వేవ్ నిటారుగా లేచే జాగా చూసి అసలు టైమ్ రాసుకోవాలి. ఇంకోటి, గాయకుడు కొత్త లైన్ ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకుంటాడు. ఏఐ గొంతు కూడా దాన్ని అనుకరిస్తుంది. ఆ ఊపిరి కంటే ముందే కోయాలి. ఊపిరి తర్వాత కోస్తే, పాత లైన్ కోసం తీసుకున్న ఊపిరికి కొత్త లైన్ అతికించినట్టు వినిపిస్తుంది. కారణం చెప్పలేకపోయినా, ఏదో తేడా ఉందని ఎవరికైనా తెలిసిపోతుంది.

పల్లవి దగ్గర కోసేవాళ్ళు తరచుగా చేసే తప్పు కూడా ఇలాంటిదే. పల్లవిని తీసేస్తారు, కానీ దాని ముందు వచ్చే డ్రమ్ రోల్‌ని ఉంచేస్తారు. ఆ రోల్ పాత పల్లవికి వేసిన పిలుపు. Extend పని చేసేది ముందున్న ఆడియోని విని, దానికి కొనసాగింపు అల్లడం ద్వారానే. రోల్ వినిపిస్తే అది మళ్ళీ అలాంటి పల్లవే తెచ్చే అవకాశం ఎక్కువ. స్కేల్, వేగం, గొంతు చాలావరకు కలవడానికి కారణం కూడా ఇదే కాబట్టి, Extend కి ఏం వినిపిస్తున్నామో జాగ్రత్తగా చూసుకోవాలి.

మరి వేరే వెర్షన్‌లో ఉన్న మంచి పల్లవిని తెచ్చి ఇక్కడ అతికించకూడదా? నేనూ ట్రై చేశాను. అది వేరే స్కేల్‌లో ఉంది, వేగం 101. స్కేల్ మార్చి, వేగం తగ్గించి సరిచేశాక గొంతు జలుబు చేసినట్టు అయింది. తేడా ఒక సగం స్వరం అయితే ఫర్వాలేదు, నాది మూడు. అందుకే ఆ దారి వదిలేశాను.

ఇక Replace Section. ఇది మధ్యలో ఒక ముక్కని మాత్రమే మార్చి, రెండు వైపులా ఉన్నదాన్ని అలాగే ఉంచుతుంది. ఒక మాట తప్పు పలికినప్పుడు బాగుంటుంది. కానీ ఇలాంటి కేసులో తర్వాత వచ్చే పాత మ్యూజిక్‌కి కూడా అది కలవాలి కాబట్టి, కొత్త పల్లవికి స్వేచ్ఛ తక్కువ. నాకు పల్లవి తర్వాత ఉన్నదేదీ అక్కర్లేదు కాబట్టి Extend తీసుకున్నాను.

Extend కి ఇచ్చిన సాహిత్యంలో ముందు ఒకే ఒక్క లైన్, రెండు బార్లు, కింద స్థాయిలో పాడేలా. తర్వాత కొత్త పల్లవి:

మా ఇంటి వాకిలీ నీదే లే
ఆ మూల మంచమూ నీదే లే

గొప్ప కవిత్వం కాదు, నాకు తెలుసు. కానీ లైన్ చివర "నీదే లే" అన్నీ దీర్ఘాలే, ఎంత సాగదీసినా అర్థం చెడదు. అంతకుముందు "వెళ్ళిరా" అని రాసిన ఒక డ్రాఫ్ట్ ఉంది. మూడుసార్లు ఇస్తే మూడుసార్లూ "వెల్లిరా" అనే పాడింది. "ళ" ఉన్న మాట పల్లవి మొదట్లో పెట్టొద్దని అప్పుడే అనుకున్నాను. ఆ మూల మంచం మా ఇంట్లో నిజంగానే ఉంది, ఇప్పుడు దాని మీద నా ఉతికిన బట్టల గుట్ట ఉంటుంది.

స్టైల్ బాక్స్‌లో పాత వివరణనే ఉంచాను. కొత్తదేదైనా రాస్తే అతుకు దగ్గర పాట మారిపోయినట్టు ఉంటుంది.

పన్నెండులోంచి ఒకటి

ఆరుసార్లు Extend నొక్కాను, ప్రతిసారీ రెండు చొప్పున పన్నెండు వచ్చాయి. వీటిని మొత్తం పాటగా వింటూ పోతే మూడోదానికే చెవులు మొద్దుబారతాయి. పైగా పల్లవిని విడిగా విని మార్కులు వేయడం తప్పు. చరణం తర్వాత అది ఎలా దిగిందన్నదే మనకి కావాలి. అందుకని ప్రతి వెర్షన్‌లో 35వ సెకను నుంచి 20 సెకన్లు మాత్రమే కోశాను. అందులో స్కూటర్ లైన్, కొత్త లైన్, పల్లవి మొదటి నాలుగు బార్లు వస్తాయి.

```
ffmpeg -ss 35 -t 20 -i v3.wav -af loudnorm=I=-16 clip3.wav
```

ఈ కమాండ్‌లో `loudnorm` ఉన్నది అన్నిటి సౌండ్‌నీ దాదాపు ఒకే స్థాయికి తేవడానికి. ఇది లేకపోతే ఎక్కువ సౌండ్ ఉన్నదే మంచిదని చెవి మోసపోతుంది. తర్వాత ఫైళ్ళ పేర్లు కలగాపులగం చేయమని రూమ్‌మేట్‌కి చెప్పాను. చివరిగా వచ్చిన వెర్షన్ మీద ప్రేమ ఎక్కువ ఉంటుంది కదా, అది పోవడానికి.

మూడింటిలో అతుకు దాటగానే గొంతు లావైంది, వేరే మనిషి పాడినట్టు. రెండు నా కొత్త లైన్‌ని మింగేసి నేరుగా పల్లవిలోకి దూకాయి. ఈ ఐదూ వెంటనే అవుట్. మిగిలిన ఏడూ హెడ్‌ఫోన్స్‌లో బాగున్నాయి. అప్పుడు ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. చిన్న స్పీకర్ కింది బేస్‌ని సరిగా పలికించలేదు. ఏడింటిలో నాలుగింటికి పల్లవిలో ఉన్న ఊపంతా బేస్, కిక్ డ్రమ్ నుంచి వచ్చిందే. ఫోన్‌లో అవి చరణం లాగే సాఫ్ట్‌గా వెళ్ళిపోయాయి. పెళ్ళి వీడియో ఎవరు ఎక్కడ చూస్తారు? వాట్సాప్‌లో, ఫోన్ స్పీకర్‌లోనే. ఆ నాలుగూ పోయాయి. ట్యూన్ నిజంగా పైకి లేచినవి మూడే మిగిలాయి.

ఈ మూడింటికీ గొంతు విడదీసి పియానో యాప్‌తో మళ్ళీ చూశాను. ఇప్పుడు చరణం డి దగ్గరే ఆగుతోంది, పల్లవి జి దాకా వెళ్తోంది. మెట్టు తిరిగి వచ్చింది! మూడింటిలో ఒకదాని ట్యూన్ మిగతావాటికంటే ఎంతో బాగుంది, కానీ "మంచమూ" ని "మంచుమూ" అని పాడింది. అది Replace Section కి సరిగ్గా సరిపోయే చిన్న తప్పు. ఆ ఒక్క లైన్ మీద రెండుసార్లు వాడితే రెండోసారికి సరిగ్గా పలికింది. అదే ఫైనల్ పల్లవి.

పాత పల్లవిలో ఒకే ఒక్క విషయం నాకు నిజంగా నచ్చింది. వెనకాల నాదస్వరం లాంటి ఒక వాయిద్యం వస్తుంది, పెళ్ళి పాటకి అదే ప్రాణం. కొత్త పల్లవిలో అది లేదు. పాత `no_vocals.wav` లోంచి తీసుకుందామంటే, గొంతు పాడే చోట దాని నీడ సన్నగా మిగిలిపోయింది. విడదీసే ప్రోగ్రామ్‌లకి ఉన్న పరిమితి ఇది. గొంతూ నాదస్వరం లాంటి వాయిద్యం ఒకే స్థాయిలో ఉంటే పూర్తిగా విడిపోవు. కానీ పాత పల్లవి చివరి రెండు బార్లలో గొంతు ఆగిపోతుంది, అక్కడ ఐదు సెకన్లు శుభ్రంగా ఉన్నాయి. కొత్త పల్లవి అదే ఆడియో నుంచి పుట్టింది కాబట్టి స్కేల్ ఒకటే. ఆ ఐదు సెకన్లని పల్లవికీ రెండో చరణానికీ మధ్య పెట్టాను.

అతికించేటప్పుడు ఆడాసిటీలో డ్రమ్ దెబ్బ మీదే కలిపి, 20 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ ఇచ్చాను. అది లేకపోతే టప్‌మని చిన్న క్లిక్ వినిపిస్తుంది. ఎక్కువ ఇస్తే రెండు డ్రమ్ దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడి మసకబారతాయి.

పాట చివర పల్లవి మళ్ళీ రావాలి. రెండోసారి టూల్‌ని పాడమంటే ట్యూన్ కొంచెం మార్చి పాడింది. అంత కష్టపడి ఎంచుకున్నది ఎందుకు పోగొట్టుకోవాలని, మొదటి పల్లవినే కాపీ చేసి చివర పెట్టాను. సినిమా పాటలో అయితే గాయకులు రెండోసారి ఏదో ఒక సంగతి వేస్తారు, నా పాటలో అది లేదు. రెండో చరణంలో ఒక చోట వేగం తడబడుతుంది, దాన్ని సరిచేయడానికి టైమ్ దొరకలేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సునోలో ఫ్రీ ప్లాన్ మీద చేసిన పాటని వ్యాపారానికి వాడకూడదు. వీడియో ఎడిటర్లు మన వీడియోని తమ ఛానెల్‌లో ప్రమోషన్‌కి పెట్టుకోవడం మామూలే కాబట్టి, ముందే ఆ మాట అతనికి చెప్పాను.

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఫైల్ పంపాను. పంపే ముందు అమ్మకి ఫోన్ స్పీకర్‌లోనే ఒకసారి వినిపించాను. "నాన్న" దగ్గర ఏమీ అనలేదు. పల్లవి వచ్చాక మాత్రం, "ఆ మంచం మీద నీ బట్టలు తియ్యరా ముందు" అంది.